బోర్డు మీద ధర ఒకటి, బిల్లులో ఇంకోటి: మా పిన్ని కొట్టు లెక్క

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, ఎస్టీ సర్టిఫికెట్లు, హాస్టల్ సమస్యలే రాసుకుంటాం. ఈసారి కొట్టు గురించి రాస్తున్నా. ఎందుకంటే ఇప్పుడు మనవాళ్లలో డ్వాక్రా లోను తీసుకుని చిన్న కొట్లు పెట్టుకునేవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లింట్లో చదువుకున్నది మనమే కాబట్టి కాగితం, బిల్లు, బోర్డు అంటే మన దగ్గరికే వస్తారు.

మాది హంసలదీవి దగ్గర. యానాదులం. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే, బందరులో హాస్టల్లో ఉండి బీకామ్ చదువుతున్నా. మా పిన్ని, బాబాయి ఇన్నాళ్లూ పీతలు, చేపలు పట్టి అమ్మారు, రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లారు. పోయినేడు పిన్ని బీచ్‌కి వెళ్లే రోడ్డు పక్కన బడ్డీ కొట్టు పెట్టింది. టీ, మిరపకాయ బజ్జీ, వాటర్ బాటిళ్లు, కూల్‌డ్రింకులు, బిస్కెట్లు, సబ్బులు, షాంపూ ప్యాకెట్లు. మామూలు రోజుల్లో ఊళ్లోవాళ్లు, చెరువుల మీద పనివాళ్లు వస్తారు. ఆదివారాల్లో, కార్తీకమాసంలో బయటి జనం. మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానాలకి, వేణుగోపాలస్వామి తిరునాళ్లకి వచ్చే జనంతో అయితే ఊపిరాడదు.

ఈ మాఘ పౌర్ణమికి ముందు పిన్ని ఫోన్ చేసింది. ఎవరో బిల్లు మెషీన్లు అమ్మే అతను వచ్చి, "అమ్మా, నువ్వు ధరల బోర్డు పెట్టి కింద 'జీఎస్టీ అదనం' అని రాయించు. ఈ మెషీను కొంటే అదే లెక్క కట్టి బిల్లులో కలిపేస్తుంది. టౌన్లో అందరూ అట్టాగే చేస్తున్నారు, నీకు నూటికి అయిదు రూపాయలు మిగులుద్ది" అన్నాడంట. "ఏరా, అట్టా చెయ్యొచ్చా? చేస్తే మంచిదేనా?" అని పిన్ని అడిగింది.

అవి రెండు ప్రశ్నలు. చెయ్యొచ్చా అనేది చట్టం సంగతి. మంచిదేనా అనేది కొట్టుకి వచ్చే మనిషి సంగతి. రెండిటికీ జవాబు నేను తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నా.

ముందు, కొట్టు ఏ రకమో తేల్చుకోవాలి

జీఎస్టీ లెక్కలో చిన్న కొట్లు మూడు రకాలు. మొదటిది రిజిస్ట్రేషన్ లేని కొట్టు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మే కొట్టుకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఉన్నవాళ్లు గమనించండి, అక్కడ ఆ హద్దు 20 లక్షలే. మన దగ్గర కూడా కొట్లో టీ, బజ్జీ, టిఫిన్ లాంటివి చేసి పెడితే దాన్ని సేవ కింద లెక్కేస్తారు, అప్పుడు హద్దు 20 లక్షలకి వస్తుంది. "40 లక్షల దాకా ఏం లేదంట" అని విని టిఫిన్ కొట్టు నడిపేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి.

పిన్నికి మామూలు రోజున అటూ ఇటూగా మూడు వేల అమ్మకం. ఏడాదికి 365 రోజులూ తెరిచినా 10,95,000. పండగ రోజుల అమ్మకం మీద ఇంకో లక్షన్నర వేసుకున్నా 20 లక్షలకి చాలా దూరం. కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది లాభం కాదు, మొత్తం అమ్మకం. పన్ను లేని సరుకు అమ్మకం కూడా అందులో కలుస్తుంది.

రెండోది కాంపోజిషన్ కొట్టు. రిజిస్ట్రేషన్ ఉంటుంది గానీ ప్రతి వస్తువుకీ విడిగా పన్ను లెక్క రాయకుండా, పన్ను పడే సరుకు అమ్మకం మీద నూటికి ఒక రూపాయి తన జేబులోంచి కడతారు. హోటలైతే నూటికి అయిదు. ఏడాదికి కోటిన్నర దాకా అమ్మకం ఉన్నవాళ్లు ఇందులో చేరొచ్చు. మూడోది మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న షాపు. ఇది ప్రతి వస్తువు మీదా దాని రేటు ప్రకారం పన్ను వసూలు చేసి, తాను కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయించుకుని, మిగతాది ప్రభుత్వానికి కడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మూడింటిలో కొనేవాడి దగ్గర జీఎస్టీ అనే పేరుతో డబ్బు తీసుకునే హక్కు మూడోదానికి మాత్రమే ఉంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను పేరుతో ఏదీ వసూలు చేయకూడదని జీఎస్టీ చట్టంలో 32వ సెక్షన్ సూటిగా చెబుతుంది. కాంపోజిషన్ కొట్టు కూడా వసూలు చేయకూడదు. అంతే కాదు, తాను కాంపోజిషన్ కింద ఉన్నట్టు కొట్టు బోర్డు మీద రాసుకోవాలి, ఇచ్చే బిల్లు మీద కూడా పన్ను వసూలు చేసే అర్హత లేదని రాయాలి. ఇక పన్ను పేరుతో ఎవరైనా డబ్బు తీసుకుంటే, అది ప్రభుత్వానికి కట్టి తీరాలని 76వ సెక్షన్. అంటే ఆ మెషీను అతను చెప్పిన "మిగిలే అయిదు రూపాయలు" పిన్నివి కానే కావు. అడిగిన రోజున వడ్డీతో సహా కట్టాల్సిన డబ్బు అది.

కాబట్టి "చెయ్యొచ్చా?" అన్నదానికి పిన్ని విషయంలో జవాబు: కుదరదు.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అంటే ఏంటి

సరే, మూడో రకం షాపు సంగతి చూద్దాం. అది బిల్లులో పన్ను కలపొచ్చు కదా అంటే, ప్యాకెట్ సరుకు విషయంలో అక్కడ కూడా అడ్డు ఉంది. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన "అన్ని పన్నులతో కలిపి" అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఉంటుంది, ఈసారి చూడండి. 1990కి ముందు కంపెనీలు "స్థానిక పన్నులు అదనం" అని వేసుకునే వీలుండేది. ఒక్కో షాపువాడు ఆ 'అదనం' తనకి తోచినంత వేసేవాడు. అందుకే ఆ ఏడాది తూనికలు కొలతల రూల్సు మార్చి, పన్నులన్నీ కలిపిన గరిష్ట ధరే ముద్రించాలన్నారు. ఇప్పుడున్న 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్సులో కూడా అదే ఉంది. ఆ ధర కంటే ఎక్కువకి ఏ చిల్లర వ్యాపారీ అమ్మకూడదు.

అంటే 20 రూపాయల బిస్కెట్ ప్యాకెట్టుకి బిల్లులో 21 వేస్తే, అక్కడ పన్ను మీద పన్ను పడ్డట్టు. కూల్‌డ్రింకు మీద "కూలింగ్ ఛార్జీ" రెండు రూపాయలు కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఒక్క మినహాయింపు ఉంది. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు వాటర్ బాటిల్‌కి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ వాళ్లు అమ్మేది బాటిల్ ఒక్కటే కాదు, కుర్చీ, టేబులు, వడ్డన కూడా అని. బడ్డీ కొట్టుకి, కిరాణా కొట్టుకి ఆ మినహాయింపు వర్తించదు.

నాకు ఈ సంగతి పట్టుదలగా తెలుసుకోవాలనిపించడానికి కారణం మా అమ్మ. 2024లో నేను హాస్టల్లో చేరేముందు కొత్త చొక్కా కొనిస్తానని టౌన్లో ఒక బట్టల షాపుకి తీసుకెళ్లింది. చొక్కా ఎమ్మార్పీ 800, పాతిక శాతం తగ్గింపు అని పెద్ద బోర్డు. అంటే 600. అమ్మ దగ్గర 610 ఉన్నాయి, పీతలు అమ్మిన డబ్బు, ముందే లెక్కపెట్టి తెచ్చుకుంది. కౌంటర్లో బిల్లు 630 వచ్చింది. "అయిదు శాతం జీఎస్టీ అమ్మా, అందరికీ అంతే" అన్నాడు. వెనక లైన్లో జనం. అమ్మ ఇంకేం అడగలేదు. చొక్కా కౌంటర్ మీదే పెట్టేసి, "ఇంకోసారి తీసుకుందాంలేరా" అని బయటికి వచ్చేసింది.

ఆ లెక్క ఎలా ఉండాలో ఇప్పుడు చెబుతా. 800 ఎమ్మార్పీలో పన్ను అప్పటికే ఉంది. 800లో పాతిక శాతం తగ్గిస్తే వచ్చే 600లో కూడా పన్ను ఉన్నట్టే. తగ్గింపు ధర మీద మళ్లీ పన్ను వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2017 జనవరిలోనే జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక కేసులో తేల్చింది. అప్పుడు వ్యాట్ ఉండేది, పేరు మారింది గానీ ఎమ్మార్పీ అర్థం మారలేదు. అమ్మ దగ్గరున్న 610 సరిపోయేవి, పది మిగిలేవి కూడా.

ధర లోపల దాక్కున్న పన్నుని బయటికి తీయడం

పన్ను ధరలోనే కలిసి ఉంటే అది ఎంతో మనకెలా తెలుస్తుంది? ఇక్కడ చాలామంది తడబడతారు. 118 రూపాయల వస్తువులో 18 శాతం పన్ను ఎంత అంటే 118కి 18 శాతం కట్టి 21.24 అంటారు. అది తప్పు. పన్ను వేసింది 118 మీద కాదు, అసలు ధర 100 మీద. కాబట్టి పన్ను 18 రూపాయలే. సూత్రం ఇది:

పన్ను = ధర × రేటు ÷ (100 + రేటు)

జీఎస్టీ రూల్సులో 35వ రూలు ఇదే చెబుతుంది. దీన్ని పిన్ని కొట్లో ఉన్న అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు మీద వేసి చూపిస్తా, ఎందుకంటే పోయినేడు దాని మీద పెద్ద తమాషా నడిచింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అయిదు రూపాయల ప్యాకెట్టులో పాత పన్ను 5 × 18 ÷ 118, అంటే 76 పైసలు. పన్ను తీసేస్తే అసలు ధర 4 రూపాయల 24 పైసలు. దీనికి కొత్త పన్ను 5 శాతం కలిపితే 21 పైసలు, మొత్తం 4 రూపాయల 45 పైసలు. సరిగ్గా ఇలాంటి చిల్లర ధరలే అప్పట్లో కొన్ని ప్యాకెట్ల మీద కనపడ్డాయి. కంపెనీ లెక్క న్యాయమైనదే. కానీ 55 పైసలు చిల్లర పిన్ని ఎక్కణ్నుంచి తేవాలి? కొనేవాడూ అడగలేడు, ఇచ్చేవాడి దగ్గరా లేదు. అందుకే మళ్లీ పాత అయిదు రూపాయలే ఉంచి లోపల సరుకు బరువు పెంచే పద్ధతికి మళ్లారు. కాబట్టి ఇప్పుడు అయిదు, పది రూపాయల ప్యాకెట్ల మీద పన్ను తగ్గిందా లేదా చూడాలంటే ధర కాదు, గ్రాములు చూడాలి.

అదే కూల్‌డ్రింకైతే చూడండి. దాని మీద మొత్తం పన్ను 40 శాతం. 20 రూపాయల బాటిల్‌లో 20 × 40 ÷ 140 చేస్తే 5 రూపాయల 71 పైసలు. ఇది రిజిస్ట్రేషన్ ఉన్న షాపు అమ్మినప్పటి లెక్క. పిన్నికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆమె వేసుకునే లాభం మీద పన్ను పడదు, ఆమె కొన్న ధర దాకానే పడుతుంది. ఆ బాటిల్ ఆమెకి 17 రూపాయలకి పడితే, అందులో పన్ను 4 రూపాయల 86 పైసలు. అది ఆమె ముందే హోల్‌సేల్ వాడికి కట్టేసింది. "మన కొట్లో జీఎస్టీ లేదుగా" అంటే పన్ను లేదని కాదు, కొనేటప్పుడే కట్టేశామని.

కొనేటప్పుడు విడిగా, అమ్మేటప్పుడు కలిపి

చిన్న కొట్టు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. పిన్ని సరుకు తెచ్చేది అవనిగడ్డలో హోల్‌సేల్ షాపు నుంచి. అక్కడ ధర చెప్పేటప్పుడు పన్ను లేకుండా చెబుతారు. బిల్లులో చివర పన్ను కలుస్తుంది. వ్యాపారులు ఒకళ్లకొకళ్లు అమ్ముకునేటప్పుడు అలా విడదీయడం న్యాయమే, ఎందుకంటే మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న కొట్టువాడు ఆ పన్నుని తర్వాత మినహాయించుకుంటాడు. అతనికి ఆ అంకె విడిగా కనపడాలి. పిన్నికి ఆ మినహాయింపు లేదు. ఆమె కట్టిన పన్ను మొత్తం ఆమె ఖర్చే.

పది రూపాయల ఎమ్మార్పీ ఉన్న ప్యాకెట్టు తీసుకోండి. హోల్‌సేల్ వాడు "ఎనిమిది పడుద్ది" అన్నాడు. పిన్ని మనసులో రెండు రూపాయలు లాభం అనుకుంది. బిల్లులో 5 శాతం కలిసి 8.40 అయింది. లాభం రూపాయి అరవై. ప్యాకెట్టుకి 40 పైసలే కదా అనిపిస్తుంది. వంద ప్యాకెట్లకి 40 రూపాయలు. మెషీను అతను చెప్పిన మాట పిన్నికి నచ్చడానికి కారణం ఇదే. "నేను పన్ను కట్టి తెస్తున్నాను, నేనెందుకు వసూలు చేసుకోకూడదు?" అంది. మాట సబబుగానే ఉంటుంది. కానీ ఆ 40 పైసలు ఎమ్మార్పీ పది రూపాయల్లోనే ఉన్నాయి. పది తీసుకున్నప్పుడే వసూలైపోయాయి. పైన ఇంకో యాభై పైసలు వేస్తే అదే పన్ను రెండోసారి వసూలు చేసినట్టు.

అందుకని ఇప్పుడు ఒక నోట్ పుస్తకం పెట్టాం. హోల్‌సేల్ బిల్లు రాగానే వస్తువు పేరు, పన్నుతో కలిపి ఒక్కోటి ఎంత పడింది, ఎమ్మార్పీ ఎంత, ఈ మూడే రాస్తుంది. పన్ను లేని ధర ఆ పుస్తకంలో ఎక్కడా ఉండదు. పిన్నికి చదువు అయిదో తరగతే, కానీ ఈ మూడు అంకెలు చూస్తే ఏది తెచ్చుకోవాలో, ఏది మానుకోవాలో ఆమెకే తెలిసిపోతుంది.

టీ, బజ్జీకి ఎమ్మార్పీ లేదు. వాటి ధర పిన్నే పెట్టుకోవచ్చు. నూనె, గ్యాస్, టీపొడి అన్నీ పన్నుతో కలిపి ఎంత పడ్డాయో చూసి, అది చాలకపోతే బజ్జీ ప్లేటు 20 నుంచి 25 చెయ్యొచ్చు. అది పన్ను కాదు, ధర. బోర్డు మీద 25 అని కనపడుతుంది, ఇష్టమైనవాళ్లు తింటారు. 20 అని రాసి బిల్లులో 21 చేయడం మాత్రం వేరే సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, కొట్లో పెట్టిన ధరల పట్టీలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకుంటే దాని మీద ఫిర్యాదు చేయొచ్చు.

పన్ను కనపడాలి కదా అనే వాదన

మా హాస్టల్లో సీనియర్ అన్న ఒకాయన దీనికి అడ్డం తిరిగాడు. "ధరలో కలిపేస్తే జనానికి పన్ను కడుతున్నామనే తెలియదు. మనవాళ్లు 'మేం పన్ను కట్టం, ప్రభుత్వం ఇచ్చింది తింటాం' అని మాటలు పడుతున్నారు. బిల్లులో విడిగా చూపిస్తేనే మనం ఎంత కడుతున్నామో తెలుస్తుంది" అన్నాడు. ఈ మాటలో నిజం ఉంది. 20 రూపాయల కూల్‌డ్రింకు తాగిన చెరువు కూలీ నాలుగైదు రూపాయల పన్ను కట్టాడని ఎవరూ చెప్పరు. 2025లో రేట్లు తగ్గినప్పుడు కూడా, బిల్లులో విడిగా ఉంటే తగ్గింపు వచ్చిందా లేదా వెంటనే తెలిసేది.

కానీ చూపించడం వేరు, పైన కలపడం వేరు. ధర 20 అని రాసి, బిల్లు 20కే ఇచ్చి, కింద "ఇందులో పన్ను ఇంత" అని రాయొచ్చు. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న షాపులు అలా రాయాలి కూడా. పన్నూ కనపడుతుంది, కొనేవాడి లెక్కా తప్పదు.

పైన కలిపే పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడ పన్ను రాష్ట్రానికో రకం, ఊరికో రకం, షాపులో బిల్ల మీద ధర ఒకటి, కౌంటర్లో కట్టేది ఇంకోటి. రాజ్ చెట్టి, ఆడమ్ లూనీ, కోరీ క్రాఫ్ట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కాలిఫోర్నియాలో ఒక సరుకుల షాపులో మూడు వారాల పాటు కొన్ని వస్తువుల దగ్గర పన్నుతో కలిపిన ధర కూడా కనపడేలా చీటీలు పెట్టి చూశారు. వాళ్ల పరిశోధన 2009లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. పన్ను ఏడు శాతం పైచిలుకు. కట్టే మొత్తం ఎప్పటిలాగే ఉంది, కనపడటం ఒక్కటే మారింది. అయినా ఆ వస్తువుల అమ్మకం దాదాపు 8 శాతం తగ్గింది. పన్ను పడుతుందని ఆ జనానికి ముందే తెలుసు. అయినా చేయి చాపేటప్పుడు మనిషి చూసేది ఎదురుగా ఉన్న అంకెనే.

అంటే పన్నుని కౌంటర్ దాకా దాచితే ఎక్కువ అమ్ముడుపోతుంది. మెషీను అతను చెప్పింది వ్యాపారం ప్రకారం అబద్ధం కాదు. కానీ ఆ ఎక్కువ అమ్మకం ఎవరి జేబులోంచి వస్తుందో పిన్నికి తెలుసు. కార్డు గీకేవాడికి అయిదు రూపాయలు తేడా తెలియదు. సాయంత్రం కూలి డబ్బు చేతిలో పట్టుకుని వచ్చి, పాల ప్యాకెట్టు, సబ్బు, పిల్లకి బిస్కెట్టు అని వేళ్ల మీద కూడుకునే మనిషి, కౌంటర్ దగ్గర ఒకటి వెనక్కి పెట్టాల్సి వస్తుంది. నలుగురి ముందు. ఆ మనిషి మళ్లీ ఆ కొట్టుకి రాదు. మా అమ్మ ఆ బట్టల షాపు వైపు ఇప్పటికీ వెళ్లదు.

బిల్లు చూసి తెలుసుకోవడం

మీరు కొనేవాళ్లుగా ఉన్నప్పుడు మూడు చూడండి. బిల్లులో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని రెండు వరుసలు ఉంటే (5 శాతమైతే రెండున్నర, రెండున్నర), పైన 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండి తీరాలి. మన రాష్ట్రంలో అది 37తో మొదలవుతుంది, తెలంగాణలో 36తో. నంబరు లేకుండా పన్ను వేస్తే అది పన్ను కాదు. నంబరు ఉంటే gst.gov.in లో `Search Taxpayer` దగ్గర కొట్టి చూడండి, లాగిన్ అక్కర్లేదు. అక్కడ కాంపోజిషన్ అని వస్తే ఆ కొట్టు మీ దగ్గర పన్ను తీసుకోకూడదు. మూడోది, నంబరు సరిగ్గా ఉన్నా, మామూలు రిజిస్ట్రేషనే ఉన్నా, ప్యాకెట్ వస్తువుకి బిల్లు మొత్తం ఎమ్మార్పీ దాటకూడదు. దాటితే ప్యాకెట్టు, బిల్లు రెండూ ఉంచుకుని 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లాలో తూనికలు కొలతల శాఖకి కూడా రాయొచ్చు.

మీ ఇంట్లోనే కొట్టు ఉండి బిల్లు మెషీనో ఫోన్‌లో యాపో వాడుతుంటే, ధర ఎక్కించేచోట పన్ను కలిపినదా, కలపనిదా అని అడుగుతుంది. ఎమ్మార్పీ ఎక్కించి "కలపనిది" అని పెడితే ప్రతి బిల్లులోనూ పైన పన్ను పడుతుంది, మీకు తెలియకుండానే. ఒక వస్తువుకి బిల్లు కొట్టి ప్యాకెట్ మీద ధరతో పోల్చి చూస్తే చాలు, బయటపడుతుంది.

పిన్ని మెషీను కొనలేదు. బోర్డు మాత్రం రాయించింది. టీ 10, బజ్జీ ప్లేటు 25, ప్యాకెట్ సరుకు ఎమ్మార్పీకే, కింద "పైన ఏమీ కలపం" అని ఒక ముక్క. ఆ చివరి ముక్క నేను చెప్పింది కాదు, ఆమే రాయించుకుంది. పౌర్ణమి రోజున బయటి ఊళ్లవాళ్లు ఆ ముక్క చదివి వాటర్ బాటిళ్లు అక్కడే కొన్నారని బాబాయి చెప్పాడు. ఆ రోజు బజ్జీల్లో ఎంత మిగిలింది, బాటిళ్లలో ఎంత మిగిలింది అని పుస్తకంలో విడివిడిగా రాసుకుంది. నేను ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ రెండు పేజీలూ కూర్చుని చూడాలి. 25 రూపాయలు పెట్టాక బజ్జీ తినేవాళ్లు తగ్గారా లేదా అని పిన్నికి అనుమానంగా ఉంది, అది ఇంకా తేలలేదు.